చెమట మరకా, నూనె మరకా?

డ్రై క్లీనింగ్‌కి ఇచ్చిన బ్లేజరు నాలుగు రోజులకి తిరిగొస్తుంది. ఇస్త్రీ మడత చెదరదు, పైన ప్లాస్టిక్ కవరు ఉంటుంది. మర్నాడు పొద్దున అది వేసుకుని చీరాలలో రైలెక్కితే, బాపట్ల దాటి నిడుబ్రోలు వచ్చేసరికి ఒళ్ళు వేడెక్కుతుంది. చంకల దగ్గర పాత చెమట వాసన మళ్ళీ లేస్తుంది. షాపువాళ్ళు ఉతక్కుండానే ఇస్త్రీ చేసి ఇచ్చారని చాలామంది కోప్పడతారు. చాలాసార్లు వాళ్ళు చేయాల్సిందంతా చేసే ఉంటారు. ఆ వాసన అసలు డ్రై క్లీనింగ్‌తో పోయే రకం కాదు.

డ్రై క్లీనింగ్‌లో బట్ట నీళ్ళలో మునగదు. పెట్రోలు జాతి ద్రావకంలోనో, పెద్ద మిషన్లున్న చోట పెర్‌క్లోరోఎథిలిన్ అనే ద్రావకంలోనో తిరుగుతుంది. అందుకే మన ఊళ్ళలో దాన్ని పెట్రోల్ వాష్ అనడం కూడా వింటాం. ఈ ద్రావకాలు నూనెనీ, గ్రీజునీ, తలనూనె జిడ్డునీ, కూరలో తేలిన నూనెనీ కరిగిస్తాయి. ఉప్పునీ పంచదారనీ కరిగించలేవు, వాటికి నీళ్ళే కావాలి. చెమటలో ఉండేది ఎక్కువగా నీరూ, ఉప్పూ. నీరు ఆరిపోతుంది, ఉప్పు బట్టలో ఉండిపోతుంది. ద్రావకంలో కాస్త నీళ్ళూ సబ్బూ కలిపే పద్ధతి ఉంది గానీ, దాంతో కొంతవరకే పని జరుగుతుంది. వాడరేవు గాలి తగిలే ఊళ్ళో ఏడాదిలో ఎక్కువ నెలలు మన బట్టకి పట్టే మురికి చెమటే. అందువల్ల ఖరీదైన బట్టంటే డ్రై క్లీనింగ్, మామూలు బట్టంటే ఇంట్లో ఉతుకు అనే లెక్క ఇక్కడ సరిపోదు. పట్టింది చెమటా, నూనా? బట్ట లోపల ఏముంది? రంగు నిలుస్తుందా? ఈ మూడూ చూసుకుంటే ఎక్కడ ఉతకాలో తేలిపోతుంది.

ముందు బ్లేజరు సంగతి. పైకి ఒకటే బట్టలా కనిపించినా అది నాలుగైదు పొరల కట్టు. పై గుడ్డ, దాని వెనక గట్టిదనం కోసం కాన్వాసు, భుజాల్లో ప్యాడ్లు, లోపల లైనింగు ఉంటాయి. రెడీమేడ్ బ్లేజర్లలో చాలావాటికి ఆ కాన్వాసుని కుట్టరు, వేడితో కరిగే జిగురుతో అంటిస్తారు. కాలరు కింద మడత దగ్గరా, గుండీల దగ్గరా పై గుడ్డనీ లోపలి గుడ్డనీ రెండు వేళ్ళతో పట్టుకుని విడదీసి చూడండి. మధ్యలో ఇంకో పొర విడిగా జారుతున్నట్టు తెలిస్తే కుట్టిన కాన్వాసు. పై గుడ్డే అట్టలా మందంగా తగిలి, ఏ పొరా విడిగా రాకపోతే అంటించింది. అంటించినదాన్ని బకెట్లో నానబెడితే కొన్ని చోట్ల జిగురు వదిలేస్తుంది, పై గుడ్డా లోపలి గుడ్డా చెరో రకంగా ముడుచుకుంటాయి. ఆరాక ఛాతీ మీద అప్పడం మీద పొక్కుల్లా బుడగలు తేలతాయి. వాటిని ఏ ఇస్త్రీ పెట్టే నమ్మకంగా అణచలేదు. భుజాల ప్యాడ్లు గడ్డకట్టడం, లైనింగు కురచైపోయి చేతుల అంచులు లోపలికి లాగడం కూడా ఈ పొరపాటు వల్లే జరుగుతాయి.

కాబట్టి లైనింగూ ప్యాడ్లూ ఉన్న బ్లేజరుని ఇంట్లో ముంచకూడదు. అలాగని వేసుకున్న ప్రతిసారీ షాపుకి పంపాల్సిన పనీ లేదు. ఇంటికొచ్చాక విప్పి, జేబులు ఖాళీ చేసి, వెడల్పైన హ్యాంగరుకి తగిలించి ఫ్యాను కింద రాత్రంతా ఉంచండి. తడిగా ఉన్నప్పుడు బీరువాలో పెట్టకండి. చంక దగ్గరి లైనింగుని లోపలినుంచి బయటికి లాగి, చల్లటి నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన తెల్ల గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ఆ కాస్త నీటిలోకి ఉప్పు దిగుతుంది, గుడ్డలోకి వస్తుంది. గుడ్డ కడిగి రెండు మూడుసార్లు అద్ది, లైనింగు బయటికి ఉన్నట్టే ఆరబెట్టాలి. షాపు చేయలేని పని ఇదే. కాలరు లోపలి జిడ్డు, చేతి అంచుల నలుపు, కూర నూనె పడ్డ మరక మాత్రం షాపు పనే. వారానికి ఒకటి రెండు రోజులు వేసుకునేవాళ్ళకి కొన్ని నెలలకోసారి, లేదా కాలరు మీద జిడ్డు కంటికి కనిపించినప్పుడు ఇస్తే చాలు. కోటూ ప్యాంటూ ఒకే గుడ్డవైతే రెండూ కలిపే ఇవ్వండి. ఒకదాన్నే నాలుగుసార్లు ఉతికిస్తే రంగు తేడా వచ్చి రెండూ జత కాకుండా పోతాయి.

దీనికీ ఒక మినహాయింపు ఉంది. లైనింగు లేని నూలు, లినెను జాకెట్లూ, లేబుల్ మీద నీళ్ళ తొట్టి బొమ్మ కొట్టివేయకుండా ఉన్నవీ ఇంట్లో ఉతుక్కోవచ్చు. తొట్టి మీద ఇంటూ గుర్తు ఉంటే నీళ్ళలో పెట్టకూడదని. గుండ్రటి సున్నా ఉంటే డ్రై క్లీనింగ్‌కి ఇవ్వొచ్చని. ఆ సున్నా మీద కూడా ఇంటూ ఉంటే అక్కడికీ పంపకూడదు. ఎండాకాలంలో బ్లేజరు తప్పనిసరైన ఉద్యోగమైతే, కొనేటప్పుడే ఇంట్లో ఉతికే రకం చూసుకోవడం మేలు.

పట్టు దగ్గరికొస్తే చీరాలవాళ్ళకి ఒక వీలుంది. కట్టుకునేది చాలావరకు మన జాండ్రపేటలోనో, వేటపాలెంలోనో, ఈపూరుపాలెంలోనో నేసిన కుప్పడం చీరే. కాబట్టి దాంట్లో ఏముందో నేసినవాళ్ళనో అమ్మినవాళ్ళనో అడగొచ్చు. కుప్పడంలో పట్టూ నూలూ కలిసినవి ఎక్కువ. ఒంటి రంగు ఒకటి, అంచు రంగు దానికి పూర్తిగా ఎదురుది, పైన జరీ. అందం అందులోనే ఉంది, ఉతికేటప్పుడు చిక్కూ అక్కడే. ముదురు అంచు రంగు దిగితే వెంటనే లేత ఒంటిలోకి పాకుతుంది.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. చీరాలలో జూనియర్ కాలేజీ లెక్చరరు ఒకావిడ కాలేజీ ఫంక్షన్‌కి గంధం రంగు ఒళ్ళూ కుంకుమ రంగు అంచూ ఉన్న కుప్పడం చీర కట్టుకున్నారు. భోజనాల దగ్గర కుచ్చిళ్ళ మీద సాంబారు ఒలికింది. పక్కనున్నవాళ్ళు వెంటనే గ్లాసు నీళ్ళు తెచ్చి, రుమాలు తడిపి గట్టిగా తుడవబోతారు. ఆ చేతిని ఆపాలి. తడిసిన పట్టు పొడి పట్టుకన్నా బలహీనం. రుద్దితే పైపోగులు చిట్లి, ఆరాక అక్కడ తెల్లగా నలిగిన మచ్చ మిగులుతుంది. సాంబారు మరకకి మార్గం ఉంటుంది గానీ, చిట్లిన పోగుని ఎవరూ తిరిగి అతికించలేరు. పప్పూ ముక్కలూ స్పూను అంచుతో ఎత్తేసి, పొడి గుడ్డో టిష్యూనో మరక మీద అదిమి పట్టాలి. ఇంటికొచ్చాక ఆ చోట ముఖానికి రాసుకునే పౌడరు మందంగా చల్లి రాత్రంతా ఉంచితే, నూనె కొంత పౌడరులోకి వచ్చేస్తుంది. పొద్దున మెత్తటి బ్రష్షుతో దులిపేయాలి.

ఇక మిగిలింది కొంచెం నూనె, పసుపు, చింతపండు పులుసు. ఇక్కడే తేల్చుకోవాలి. నూనె డ్రై క్లీనింగ్‌తో పోతుంది. పులుసులో నీటికి కరిగేది నీళ్ళతోనే పోవాలి. పసుపు రంగు రెండింటికీ సగం సగమే లొంగుతుంది. ఇంట్లో దాని మీద సబ్బు పెడితే ఎర్రగా మారి, చీర పోయిందని గుండె జారుతుంది. పసుపు సబ్బులోని క్షారానికి ఎర్రబడుతుంది, నీళ్ళతో కడిగితే మళ్ళీ పసుపు రంగుకే వస్తుంది. ఎండకి పసుపు మరక వెలిసే మాట నిజం. అయితే అదే ఎండకి కుంకుమ రంగు అంచు కూడా వెలుస్తుంది కాబట్టి, తెల్ల పంచెకి చేసినట్టు ఈ చీరని ఎండలో పరచకూడదు. ఈ చీర షాపుకే వెళ్ళాలి. ఇచ్చేటప్పుడు, ‘సాంబారు పడింది, నిన్న మధ్యాహ్నం, నీళ్ళు పెట్టలేదు, పౌడరు వేశాను’ అని చెప్పి, మరక చుట్టూ తెల్ల దారంతో నాలుగు వదులు కుట్లు వేసి ఇవ్వాలి. అలా చెబితే పనివాళ్ళు ద్రావకంలో వేయకముందే ఆ చోటికి విడిగా మందు పెట్టగలరు. చెప్పకపోతే మామూలుగా తిప్పేసి ఇస్త్రీ చేస్తారు, ఇస్త్రీ వేడికి మరక గట్టిపడిపోతుంది. టీ, కూల్‌డ్రింకు, కొబ్బరినీళ్ళు ఇంకా మోసకారివి. ఆరాక మరక కనపడదు, కాబట్టి ఎవరూ చెప్పరు. అందులోని పంచదార ద్రావకంలో కరగదు, ఇస్త్రీ వేడికి గోధుమరంగులో బయటపడుతుంది. ఇచ్చినప్పుడు లేని మరక వచ్చినప్పుడు ఉందని షాపుల దగ్గర జరిగే గొడవల్లో కొన్ని ఇలా పుట్టినవే.

అదే చీరకి సాంబారు పడకుండా ఉత్త చెమటే పట్టిందనుకోండి, తీర్పు మారిపోతుంది. చెమట ఉప్పు పట్టులో నెలల తరబడి ఉంటే పోగు పెళుసుబారుతుంది, జరీ నల్లబడుతుంది. దాన్ని తీసేది నీళ్ళే. కానీ నీళ్ళలో పెట్టే ముందు రంగు పరీక్ష తప్పదు. తెల్లటి పాత గుడ్డని తడిపి, రెండు చుక్కలు షాంపూ వేసి, చీర లోపలి చెంగులో అంచు మీద రెండు నిమిషాలు అదిమి ఉంచండి. గుడ్డకి రంగు అంటితే ఆ చీర ఎప్పటికీ బకెట్లోకి వెళ్ళకూడదు, షాపుకే. అంటకపోతే ఒంటి రంగుకీ, కొంగుకీ కూడా అలాగే చూడండి. మూడు చోట్లా గుడ్డ తెల్లగా ఉంటే ఉతకొచ్చు. కొత్త చీరని ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది. అది నిలిచేదేమీ కాదు. రంగు గట్టిదనం నేతకి ముందే, నూలు అద్దకంలో తయారవుతుంది. మన చీరాల తేలియా రుమాళ్ళకి ఆ పేరు వచ్చిందే అందుకు. నూలుని నూనెలోనూ బూడిద నీళ్ళలోనూ మళ్ళీ మళ్ళీ నానబెట్టి, ఎండబెట్టి, ఆ తర్వాతే ఎరుపూ నలుపూ ఎక్కించేవాళ్ళు. అద్దకంలో పడని కష్టాన్ని ఇంట్లో గుప్పెడు ఉప్పు తీర్చదు. పైగా ఉప్పు కలిపి చెమట ఉప్పు తీయాలనుకోవడం వృథా పని.

ఉతికేందుకు బట్టల సోపుపొడి పనికిరాదు. పొడుల్లో క్షారం ఎక్కువ, కొన్నింట్లో మాంసకృత్తుల మరకల్ని తినే ఎంజైములు కూడా ఉంటాయి. పట్టు పోగే మాంసకృత్తి కాబట్టి మరకతోపాటు చీరనీ అవి తింటాయి. మన పెద్దవాళ్ళు వాడిన కుంకుడుకాయ రసం ఇప్పటికీ మంచి మందే, క్షారం ఉండదు. రెండు పొరల గుడ్డలో వడగట్టి వాడాలి. తెల్ల చీరకీ లేత చీరకీ మాత్రం కుంకుడు రసం గోధుమ ఛాయ పట్టించవచ్చు, వాటికి పట్టు కోసమే అమ్మే లిక్విడో, కొంచెం షాంపూనో మేలు. చల్లటి నీళ్ళలో మూడు నాలుగు నిమిషాలు పైకీ కిందికీ ఆడించి తీసేయాలి, నానబెట్టకూడదు. మన తీరంలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానో గట్టిగానో ఉంటాయి. చెమట ఉప్పు తీసి బోరు ఉప్పు పట్టించినట్టు కాకుండా, కనీసం ఆఖరి జాడింపుకి తాగే మంచినీళ్ళు వాడండి. బకెట్‌కి ఒక చెంచా తెల్ల వెనిగరు కలిపితే మిగిలిన సబ్బు క్షారం విరిగి మెరుపు నిలుస్తుంది. పిండొద్దు. పాత తువ్వాల్లో చుట్టి అదిమి, నీడలో వేయాలి, ఒక దండెం మీద మడత దగ్గరే బరువంతా పడకుండా రెండు తాళ్ళ మీద పరవాలి. ఉతికాక నూలు కలిసిన చీర మెత్తబడి వేలాడితే, దాన్ని రోలింగ్‌కి ఇస్తే చాలు. రోలింగ్ అంటే ఉతుకు కాదు, గంజి పెట్టి రోలరు మీద నడిపి బిగువు తేవడమే. చెమట పట్టిన చీరని ఉతక్కుండా రోలింగ్‌కి ఇస్తే ఆ వేడికి చెమట మచ్చ స్థిరపడుతుంది. ఈ వరస తారుమారు చేయకూడదు.

పట్టని అమ్మినది నిజంగా పట్టో కాదో అనుమానమైతే కొంగు చివర కుచ్చు నుంచి ఒక్క పోగు లాగి, పళ్ళెంలో పెట్టి అంటించండి. జుట్టు కాలిన వాసనొచ్చి, వేళ్ళతో నలిపితే పొడైపోతే పట్టు. కరిగి గట్టి పూసలా చల్లారితే పాలియెస్టరు. పాలియెస్టరు ఒంటి రంగు సాధారణంగా నిలుస్తుంది కాబట్టి ఇంట్లోనే ఉతుక్కుని డబ్బు మిగుల్చుకోవచ్చు. జరీకి మాత్రం అప్పుడూ జాగ్రత్త కావాలి.

మగ్గం వర్కు జాకెట్టు అన్నింట్లోకీ కష్టమైనది. చాలామంది దీన్ని డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలనుకుంటారు. నా అభిప్రాయంలో అది ఎప్పుడూ మంచి దారి కాదు. జాకెట్టుకి పట్టేది దాదాపు ఉత్త చెమటే, అది ద్రావకానికి పోదు. పైగా ద్రావకం జిగురుని మెత్తబరుస్తుంది, కొన్ని ప్లాస్టిక్ పూసల్నీ చమ్కీల పై రంగునీ కరిగిస్తుంది. కుందన్ రాళ్ళు కుట్టినవా, అంటించినవా అన్నది ముందు తెలుసుకోవాలి. లైనింగు అంచు దగ్గర కాస్త విప్పి వర్కు వెనక వైపు చూడండి. రాయి ఉన్న చోట వెనక దారం కనపడితే కుట్టినది. పైన రాయి ఉండి వెనక గుడ్డ నున్నగా ఉంటే అంటించినది. అంటించిన రాళ్ళున్నది నీళ్ళలోకీ వెళ్ళకూడదు, ద్రావకంలోకీ వెళ్ళకూడదు.

మరి ఏం చేయాలి? వేసుకున్న రోజు రాత్రే జాకెట్టుని తిరగేసి, బ్లేజరు లైనింగుకి చెప్పినట్టే చంకల దగ్గరా వీపు మీదా తడి గుడ్డతో లోపలి లైనింగుని అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టాలి. మర్నాడు చూద్దామని బట్టల బుట్టలో పడేస్తే తెల్లారేసరికి చెమట జర్దోసీ తీగని పట్టేస్తుంది. వర్కు జాకెట్టు కుట్టించేటప్పుడే నూలు లైనింగు వేయమనీ, చంకల్లో విప్పి ఉతుక్కునే నూలు ప్యాడ్లు నాలుగు కుట్లతో పెట్టమనీ టైలరుకి చెప్పండి. ఆ ప్యాడ్లే చెమట తాగుతాయి, వాటినే ఉతుకుతారు. సెంటు జాకెట్టు మీద కొట్టుకోవద్దు, వేసుకునే ముందే ఒంటికి కొట్టుకుని ఆరనివ్వండి. మగ్గం కుట్టు చాలావరకు గొలుసు కుట్టు, ఒక చోట పోగు తెగి లేస్తే దాన్ని లాగకూడదు, లాగితే గొలుసంతా ఊడొస్తుంది. లేచిన పోగుని సూదితో వెనక్కి తీసి ముడేసి, వీలైనంత త్వరగా వర్కరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఇస్త్రీ తప్పనిసరైతే మందపాటి తువ్వాలు మీద వర్కుని బోర్లా పెట్టి, వెనకనుంచి తక్కువ వేడితో చేయాలి. నేరుగా వేడి తగిలితే చమ్కీలు ముడుచుకుపోతాయి.

ఇంట్లో పెట్రోలు తెచ్చి పట్టుచీర తుడుచుకోవడం మాత్రం ఎవరూ చేయొద్దు. ఆవిరి గదంతా వ్యాపిస్తుంది, పట్టుని రుద్దితే పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి, పొయ్యి పక్కన ఉండాల్సిన అవసరం కూడా లేదు.

షాపులో ఇచ్చేటప్పుడు అడగాల్సింది ఒకటుంది: మిషను ఇక్కడే ఉందా, వేరే ఊరికి పంపుతారా? చిన్న ఊళ్ళలో కొన్ని షాపులు బట్టలు తీసుకుని పెద్ద ఊళ్ళకి పంపుతాయి. అందులో తప్పు లేదు గానీ, అప్పుడు మీరు కౌంటరు దగ్గర నోటితో చెప్పిన మాట ఉతికే మనిషికి చేరదు. బిల్లు మీదే ‘కుచ్చిళ్ళ మీద సాంబారు మరక’, ‘రాళ్ళ వర్కు ఉంది’ అని రాయించుకోండి. ఇచ్చే ముందు సెల్‌ఫోన్లో రెండు ఫోటోలు తీసుకోండి, వర్కు ఉన్న వైపు ఒకటి, మరక దగ్గర ఒకటి. పాడై వచ్చినప్పుడు ఆ బిల్లూ ఫోటోలూ ఉంటే షాపు యజమానితో మాట తేలిగ్గా నడుస్తుంది. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడూ అవే పనికొస్తాయి.

తీసుకునేటప్పుడు కవరు షాపులోనే విప్పి, వెలుతురులోకి తెచ్చి చూసుకోండి. బ్లేజరు ఛాతీ మీద బుడగలున్నాయా, చీర అంచు రంగు ఒంట్లోకి దిగిందా, రాళ్ళు ఎక్కడైనా ఊడాయా అన్నది అక్కడే తేలాలి. ఘాటు వాసన వస్తుంటే ద్రావకం పూర్తిగా ఆరలేదని అర్థం. పెర్‌క్లోరోఎథిలిన్‌ని మనుషులకి క్యాన్సరు తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ పెట్టింది. 2024 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ డ్రై క్లీనింగ్‌లో దాని వాడకాన్ని పదేళ్ళలో ఆపేయాలని ఉత్తర్వు ఇచ్చింది. ఇంటికొచ్చాక ప్లాస్టిక్ కవరు తీసేసి, గాలి వచ్చే కిటికీ దగ్గర ఒకటి రెండు రోజులు తగిలించాకే వేసుకోండి. బీరువాలోకి ప్లాస్టిక్‌తో పంపకండి. మన తేమకి కవరు లోపల నీరు పట్టి జరీ నల్లబడుతుంది. పాత తెల్ల నూలు పంచెలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడతలు మార్చి పెట్టుకోండి. నాఫ్తలీను ఉండలు జరీకి తగలకుండా చిన్న మూటలో కట్టి అర మూలన ఉంచండి.